కంపెనీ లోపల ఉన్నదంతా ఓపీఏ కాదు తమ్ముడూ

ప్రశ్న: అన్నా నమస్తే. నేను విజయవాడలో సైట్ ఇంజనీర్‌ని, అపార్ట్‌మెంట్లు కడతాం. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ పరీక్ష పీఎమ్‌పీ రాద్దామని కూర్చున్నా. ఈఈఎఫ్, ఓపీఏ దగ్గర మాత్రం ప్రతి మాక్‌లోనూ రెండు మూడు ప్రశ్నలు పోతున్నాయి. బయటివి ఈఈఎఫ్, లోపలివి ఓపీఏ అని నోట్స్‌లో పెద్దక్షరాలతో రాసుకున్నా, అయినా తప్పే వస్తోంది. మన సైట్ భాషలో ఉదాహరణలతో చెప్తారా? పరీక్ష ఇంకా మూడు వారాలే ఉంది.

జవాబు: తమ్ముడూ, మార్కులు తినేస్తున్నది ఆ పెద్దక్షరాల లైనే, ముందు దాన్ని కొట్టేయి. అందులో సగం కరెక్టు. కంపెనీ బయట ఉన్నదంతా ఈఈఎఫే, అందులో డౌట్ లేదు. కంపెనీ లోపల ఉన్నదంతా ఓపీఏ అనుకోవడం దగ్గరే దెబ్బ తింటున్నావ్. ఆ పరీక్షకి చదివే గైడ్ పుస్తకం పీఎమ్‌బాక్ ఆరో ఎడిషన్, అంటే 2017లో వచ్చింది, అందులో రెండో చాప్టర్ తీసి చూడు, ఈఈఎఫ్‌ని, అంటే ఎంటర్‌ప్రైజ్ ఎన్విరాన్‌మెంటల్ ఫ్యాక్టర్స్‌ని, ఇంటర్నల్ అని ఒకటి ఎక్స్‌టర్నల్ అని ఒకటి రెండు ముక్కలు చేశారు. ఓపీఏ, అంటే ఆర్గనైజేషనల్ ప్రాసెస్ అసెట్స్ మాత్రం ఎప్పుడూ లోపలివే. అంటే లోపల అనే గదిలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు, పరీక్షవాళ్లు ప్రశ్నలు తీసేది ఎక్కువగా ఆ గదిలోంచే.

నేను కూడా సివిల్ నుంచే వచ్చా, నాకు ఇది ఎక్కింది మా ఆఫీసు బీరువా వల్ల. పాత ఇనప బీరువా, దాంట్లో పాత ప్రాజెక్టుల ఫైళ్లు, ఖాళీ ఫారాలు, క్వాలిటీ మాన్యువల్, అప్రూవ్డ్ వెండర్ల లిస్టు అన్నీ ఉండేవి. ఆ బీరువా తలుపు తీసి, లోపలి కాగితం తీసి, నా ప్రాజెక్టుకి పనికొచ్చేలా వాడుకోగలిగితే అది ఓపీఏ. బీరువా అనే ఆ ఇనప డబ్బా, దాని తాళాలు పోయాయా ఉన్నాయా, ఆ గదికి కరెంటు ఉందా, తాళం చెవి పెట్టుకున్న మనిషి సెలవులో ఉన్నాడా, బయట వాన పడుతోందా, ఇదంతా ఈఈఎఫ్. అవి ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, నువ్వు వాటి మధ్య పని చేసుకోవాలి, అంతే. ప్రశ్న చదవగానే లోపలా బయటా అని అడక్కు, ఇది బీరువాలో కాగితమా లేక బీరువా చుట్టూ ఉన్న పరిస్థితా అని అడుగు.

ఇప్పుడు ఒక స్లాబ్ పోద్దాం. జులై నెల, నాలుగో అంతస్తు స్లాబ్, సెంట్రింగ్ అయిపోయింది, స్టీల్ కట్టేశారు, ఆర్‌ఎమ్‌సి బండ్లకి చెప్పాలి.

జులై అంటే వాన. అది ఈఈఎఫ్, ఎక్స్‌టర్నల్, ఫిజికల్ ఎన్విరాన్‌మెంట్ కింద వస్తుంది, ఇందులో ఎవరూ తప్పు చేయరు. కాంక్రీటు పనికి ఐఎస్ 456 పాటించాలి, అది బీఐఎస్ వేసిన కోడ్, మన కంపెనీ రాసింది కాదు, కాబట్టి ఇండస్ట్రీ స్టాండర్డ్, అదీ ఎక్స్‌టర్నల్ ఈఈఎఫే. ఆ కోడ్‌లో మామూలు ఓపీసీ సిమెంటుకి కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి అని ఉంటుంది, ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటు అయితే కనీసం 10 రోజులు. ఇక్కడి దాకా బానే ఉంది. మా కంపెనీ క్వాలిటీ మాన్యువల్‌లో మాత్రం ఏ సిమెంటైనా స్లాబ్‌కి 14 రోజులు నీళ్లు పెట్టాలి, రోజూ సాయంత్రం ఫొటో తీసి పంపాలి అని రాసి ఉండేది. ఆ మాన్యువల్ ఓపీఏ. చూశావా, విషయం ఒకటే, క్యూరింగ్. కోడ్ చెప్పింది ఈఈఎఫ్, ఆ కోడ్ చదివి మనవాళ్లు రాసుకున్న పద్ధతి ఓపీఏ. ప్రశ్నలో స్టాండర్డ్ అనే మాట కనపడగానే ఈఈఎఫ్ టిక్ కొట్టే అలవాటు ఉంటే మానేయి, ఎవరి స్టాండర్డ్ అని చూడు. ప్రభుత్వానిదో ఇండస్ట్రీదో అయితే ఈఈఎఫ్, ఆర్గనైజేషనల్ స్టాండర్డ్ అంటే ఓపీఏ.

స్లాబ్ ముందు పోర్ కార్డు నింపుతాం కదా, షట్టరింగ్ చూశారా, కవర్ బ్లాకులు పెట్టారా, ఎలక్ట్రికల్ పైపులు వేశారా అని సంతకాలు. ఆ ఖాళీ ఫారం టెంప్లేట్, అది ఓపీఏ. నువ్వు నింపి సంతకం పెట్టిన కార్డు? చాలామంది దాన్ని కూడా ఓపీఏ అంటారు, కానీ అది ప్రస్తుతానికి నీ ప్రాజెక్టు రికార్డు మాత్రమే. ప్రాజెక్టు అయిపోయాక ఫైల్ కట్టి ఆర్కైవ్‌లో పెట్టాక, రేపు ఇంకో సైట్ వాడు దాన్ని తిరగేసి చూసుకునే స్థితి వచ్చాక అప్పుడు ఓపీఏ అవుతుంది. ఇదే లాజిక్కుతో లెసన్స్ లెర్న్‌డ్ మీద ఒక ప్రశ్న ఖాయంగా తగులుతుంది, లెసన్స్ లెర్న్‌డ్ రిజిస్టర్ అంటే ప్రాజెక్టు డాక్యుమెంట్, నడుస్తుండగానే రాస్తూ పోతాం, అది ఫేజ్ చివరో ప్రాజెక్టు చివరో లెసన్స్ లెర్న్‌డ్ రిపాజిటరీలోకి వెళ్తుంది, ఆ రిపాజిటరీ ఓపీఏ. రిజిస్టర్, రిపాజిటరీ, రెండూ ఆర్‌తో మొదలవుతాయి, పరీక్ష టెన్షన్లో కళ్లు ఒకదాన్ని ఇంకోటిగా చదివేస్తాయి, జాగ్రత్త.

ఆ జులై స్లాబ్‌లో నాకు జరిగింది చెప్తా, ఎందుకంటే ఇంటర్నల్ ఈఈఎఫ్ అంటే ఏంటో నాకు ఆ రోజే తెలిసింది. మా కంపెనీకి సొంత కాంక్రీట్ పంపు ఒకటే, ఆపరేటర్ ఒక్కడే. ఆ రోజు ఇంకో సైట్‌లో కూడా పోర్ పెట్టారు. మా మాన్యువల్‌లో పంపు బుకింగ్ పద్ధతి చక్కగా రాసి ఉంది, రెండు రోజుల ముందు ఫారం ఇవ్వాలి, ప్లాంట్ ఇంచార్జి సంతకం పెట్టాలి, నేను ఇచ్చా, సంతకం కూడా అయింది. కానీ మా దగ్గర అసలు నడిచే పద్ధతి వేరే, పెద్దాయన ఫోన్ చేసి ఎక్కడికి పంపమంటే పంపు అక్కడికి పోతుంది. పోయింది. మధ్యాహ్నం మూడింటికి మా దగ్గరికి వచ్చింది, నాలుగున్నరకి వాన మొదలైంది, పట్టాలు ఆరే ఉన్నాయి సగం స్లాబ్‌కి కూడా రావు, మేస్త్రీ నా మొహం చూస్తున్నాడు నేను ఆకాశం చూస్తున్నా. సగంలో ఆపి కన్‌స్ట్రక్షన్ జాయింట్ పెట్టుకోవాల్సొచ్చింది.

దీన్ని పరీక్ష కళ్లతో చూడు. పంపు ఒకటే ఉండటం రిసోర్స్ అవైలబిలిటీ, ఇంటర్నల్ ఈఈఎఫ్. నడపగలిగినవాడు ఒక్కడే ఉండటం ఎంప్లాయీ కెపబిలిటీ, అదీ ఇంటర్నల్ ఈఈఎఫ్. పంపు యార్డు ఊరికి అటు చివర, సైట్ ఇటు చివర ఉండటం జియోగ్రాఫిక్ డిస్ట్రిబ్యూషన్, అదీ అంతే. పెద్దాయన ఫోన్ చేస్తే ఫారాలు పక్కకి పోవడం ఆర్గనైజేషనల్ కల్చర్, ఇంటర్నల్ ఈఈఎఫ్. రాసి ఉన్న బుకింగ్ పద్ధతి మాత్రం ఓపీఏ. ఒకే కంపెనీ, ఒకే పంపు, రాసి పెట్టుకున్న పద్ధతి ఒక వైపు, నడుస్తున్న అలవాటు ఇంకో వైపు. ప్రశ్నలో కల్చర్, స్ట్రక్చర్, గవర్నెన్స్ అనే మాటలు వస్తే అవి ఈఈఎఫ్. పాలసీ, ప్రొసీజర్, టెంప్లేట్, గైడ్‌లైన్ అనే మాటలు వస్తే అవి ఓపీఏ.

ఇంతకీ నవ్వొచ్చే విషయం ఏంటంటే తర్వాత ఎప్పుడో ఆ బీరువాలో పాత ప్రాజెక్టు ఫైల్ తిరగేస్తుంటే "వానాకాలంలో పంపు పొద్దున ఎనిమిదికి సైట్‌లో లేకపోతే పోర్ వాయిదా వెయ్యాలి" అని ఎవరో చేత్తో రాసి పెట్టారు. ఓపీఏ ఉంది, తీసి చదివినవాడే లేడు, నాతో సహా.

ఇక్కడ నువ్వు అడుగుతావని తెలుసు, అన్నా ఈఈఎఫ్ అంటే టీమ్ కంట్రోల్లో లేనిది అని డెఫినిషన్‌లో ఉంది కదా, మరి కంపెనీ పాలసీ కూడా నా కంట్రోల్లో లేదు కదా, అది ఎందుకు ఓపీఏ అని. మంచి డౌటే. డెఫినిషన్ కరెక్టే, కానీ దాన్ని తిప్పి చదవకూడదు, ఈఈఎఫ్ నీ చేతిలో ఉండదు నిజమే, నీ చేతిలో లేనిదల్లా ఈఈఎఫ్ అయిపోదు. ఓపీఏలో రెండు రకాలున్నాయి. ఒకటి ప్రాసెస్‌లు పాలసీలు ప్రొసీజర్లు, రెండోది నాలెడ్జ్ రిపాజిటరీలు. మొదటి రకం పీఎమ్‌ఓ అనే ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఆఫీసో ఇంకో డిపార్ట్‌మెంటో పెడుతుంది, ప్రాజెక్టు పనిలో భాగంగా నువ్వు వాటిని మార్చవు, టైలరింగ్ గైడ్‌లైన్స్ ఉంటే వాటి ప్రకారం నీ ప్రాజెక్టుకి తగ్గట్టు అమర్చుకుంటావ్. రెండో రకాన్ని ప్రాజెక్టు నడిచినంతకాలం నువ్వే నింపుతుంటావ్. అందుకే కంట్రోల్ అనే ఒక్క మాట పట్టుకుని వెళ్తే పాలసీ ప్రశ్న దగ్గర బోల్తా కొడతావ్.

ఇక రేట్లకి వద్దాం, ఎస్టిమేట్ ప్రశ్నల్లో జంటగా పెడతారు. స్లాబ్ ఖర్చు వేయాలి. నీ ముందు రెండు కాగితాలున్నాయి, ఒకటి ప్రభుత్వం వేసే రేట్ల పట్టిక ఎస్సెస్సార్, ఇంకోటి మన కంపెనీ పోయిన మూడు ప్రాజెక్టుల అసలు ఖర్చుల ఫైల్. ఎస్సెస్సార్ బయట ఎవరో వేసిన రేట్లు, అది ఈఈఎఫ్, పుస్తకంలో కమర్షియల్ డేటాబేస్ అని చూస్తావ్, డబ్బు పెట్టి కొనుక్కునే కాస్ట్ డేటా అయినా ఇలా ప్రభుత్వం వేసినదైనా బయటి రేటే కాబట్టి మన లెక్కలో ఒకటే. మన ఫైల్ హిస్టారికల్ ఇన్ఫర్మేషన్, ఓపీఏ. ఇప్పుడు మన ఎస్టిమేటర్ ఎస్సెస్సార్ తీసుకుని, మన మేస్త్రీలు రోజుకి ఎంత పని చేస్తారో, స్టీల్ ఎంత వేస్ట్ అవుతుందో కలిపి కంపెనీ కోసం ఒక రేట్ అనాలిసిస్ షీట్ చేసి సర్వర్లో పెట్టాడనుకో, ఆ షీట్ ఓపీఏ. మూలం బయటిది అయినా సరే, కంపెనీ తనదిగా చేసుకుని బీరువాలో పెట్టింది. ఇవాళ బజార్లో స్టీల్ టన్ను ఎంత అన్నది మాత్రం మార్కెట్ కండిషన్, ఈఈఎఫ్. ఎవరి దగ్గర కొనొచ్చు అని కంపెనీ ముందే ఖరారు చేసిన సప్లయర్ల లిస్టు ఓపీఏ. సప్లయర్లు బయటివాళ్లే కదా అని దీన్ని ఈఈఎఫ్ పెట్టేవాళ్లు చాలామంది, మనుషులు బయటివాళ్లే, లిస్టు మనది.

రెరా కూడా నీకు రోజూ తగిలేదే కాబట్టి చెప్తా. 2016 చట్టం ప్రకారం కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో వేయాలి, భూమికీ నిర్మాణానికీ తప్ప దాన్ని తీయకూడదు, తీయాలంటే ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫై చేయాలి. ఇది లీగల్ రిస్ట్రిక్షన్, ఎక్స్‌టర్నల్ ఈఈఎఫ్. ఆ సర్టిఫికెట్లు తెప్పించడానికి మన అకౌంట్స్ వాళ్లు ఏ తారీఖుకి ఏ ఫారం పంపాలి, ముందు ఎవరు చెక్ చేయాలి అని రాసుకున్న చెక్‌లిస్ట్ ఓపీఏ. క్యూరింగ్ దగ్గర చెప్పిందే, రూలు బయటిది, రూలు పాటించడానికి మనం రాసుకున్న పద్ధతి మనది.

అన్నిటికన్నా ఎక్కువమంది పడే గుంట సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంది. షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఓపీఏ అనిపిస్తుంది ఎవరికైనా, అసెట్ అనే మాట వింటే కంపెనీ కొన్న వస్తువు గుర్తొస్తుంది కాబట్టి. పుస్తకం దాన్ని ఇంటర్నల్ ఈఈఎఫ్‌లో పెట్టింది, షెడ్యూలింగ్ టూల్స్, కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ సిస్టమ్స్, వర్క్ ఆథరైజేషన్ సిస్టమ్స్ అన్నీ ఐటీ సాఫ్ట్‌వేర్ కింద అక్కడే. ఎందుకో బీరువా గుర్తు తెచ్చుకో, సాఫ్ట్‌వేర్ అంటే ఇనప డబ్బా. ఆ సాఫ్ట్‌వేర్లో నువ్వు తెరిచే పాత అపార్ట్‌మెంట్ షెడ్యూల్ ఫైల్, 28 రోజుల క్యూబ్ టెస్టు దాకా యాక్టివిటీలన్నీ ముందే పెట్టి ఉన్న టెంప్లేట్, అవి లోపలి కాగితాలు, ఓపీఏ. అలాగే కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటే ఈఈఎఫ్, కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ నాలెడ్జ్ రిపాజిటరీ అంటే ఓపీఏ, మన భాషలో డ్రాయింగులు ఏ రివిజన్‌లో ఉన్నాయో చూసుకునే సిస్టమ్ ఒకటి, అందులో దాచిన పాత రివిజన్లు, కంపెనీ స్టాండర్డ్స్ ఇంకోటి. ఆప్షన్లలో చివరి మాట దాకా చదివితేనే దొరుకుతుంది ఇది.

రిస్క్‌లో ఇంకో జంట ఉంది, చిన్నదే. ఇంత శాతం కన్నా ఖర్చు పెరిగితే మేం ఒప్పుకోం అని కంపెనీయో పెద్ద స్టేక్‌హోల్డర్లో పెట్టుకున్న రిస్క్ థ్రెషోల్డ్ ప్లాన్ రిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఈఈఎఫ్‌గా వస్తుంది, రిస్క్ పాలసీ, రిస్క్ కేటగిరీల పట్టిక, రిస్క్ రిజిస్టర్ టెంప్లేట్ ఓపీఏగా వస్తాయి. థ్రెషోల్డ్ అంటే వాళ్ల తట్టుకునే శక్తి, అది వాళ్ల స్వభావం, పాలసీ అంటే కాగితం.

ఒక ప్రశ్న నేనే తయారు చేస్తా, చెయ్యి. కొత్త ప్రాజెక్టుకి ప్రాజెక్టు మేనేజరు ఖర్చు అంచనా వేస్తున్నాడు. కింద వాటిలో ఏది ఓపీఏ కాదు? ఒకటి, పోయిన ప్రాజెక్టు ఫైనల్ బిల్లులు. రెండు, కంపెనీ ఎస్టిమేటింగ్ టెంప్లేట్. మూడు, కంపెనీలో ప్రస్తుతం ఖాళీగా ఉన్న షట్టరింగ్ గ్యాంగుల సంఖ్య. నాలుగు, కాంటింజెన్సీ ఎంత పెట్టాలో చెప్పే కంపెనీ పాలసీ. నీ పాత రూలు ప్రకారం నాలుగూ లోపలివే, నాలుగూ ఓపీఏ, ప్రశ్నే తప్పు అనుకుని ఏదో ఒకటి గుడ్డిగా కొట్టేవాడివి. బీరువా తెరిస్తే ఒకటి, రెండు, నాలుగు కాగితాలు దొరుకుతాయి. గ్యాంగులు దొరకవు, అవి ఉన్నన్నే ఉన్నాయి. జవాబు మూడు.

అవుట్‌పుట్స్ వైపు నుంచి కూడా అడుగుతారు, అది ఒక్క నిమిషం. ఓపీఏ అప్‌డేట్స్ చాలా ప్రాసెస్‌లలో అవుట్‌పుట్‌గా వస్తాయి, పని చేస్తుంటే నేర్చుకున్నది రాసి పెడతాం కాబట్టి. ఈఈఎఫ్ అప్‌డేట్స్ మాత్రం ఆరో ఎడిషన్‌లో రిసోర్స్ మేనేజ్‌మెంట్‌లోనే కనపడతాయి, అక్వైర్ రిసోర్సెస్, డెవలప్ టీమ్, మేనేజ్ టీమ్. ఎందుకో ఆలోచిస్తే బట్టీ పట్టక్కర్లేదు. మన పని వల్ల వానా మారదు చట్టమూ మారదు, కానీ మనుషుల్ని ప్రాజెక్టులోకి తీసుకుంటే కంపెనీలో మిగిలిన ఖాళీ మనుషుల సంఖ్య మారుతుంది, వాళ్లకి ట్రైనింగ్ ఇస్తే స్కిల్ రికార్డు మారుతుంది. ఆ స్లాబ్ గొడవ తర్వాత మేం ఇంకో కుర్రాడికి పంపు నడపడం నేర్పించాం, ఆపరేటర్లు ఇద్దరయ్యారు, అది ఈఈఎఫ్ అప్‌డేట్. బీరువాలో వానాకాలం పోర్ మీద టైపు చేసిన ఒక పేజీ పెట్టాం, అది ఓపీఏ అప్‌డేట్.

నీ దగ్గర సీనియర్లు ఇచ్చిన పాత నోట్స్ ఉంటే ఒకసారి ఎడిషన్ చూసుకో. 2013 నాటి ఐదో ఎడిషన్‌లో పర్సనెల్ అడ్మినిస్ట్రేషన్ అని, అంటే ఉద్యోగుల నియామకం, ఓవర్‌టైమ్ పాలసీ లాంటివి, ఈఈఎఫ్ లిస్టులో ఉండేవి. ఆరో ఎడిషన్‌లో హెచ్ఆర్ పాలసీలు ఓపీఏ లిస్టులో కనపడతాయి. రెండు ఎడిషన్ల నోట్స్ కలిపి చదివితే పిచ్చెక్కుతుంది, నాకెక్కింది. 2021లో వచ్చిన ఏడో ఎడిషన్ అయితే ఇంటర్నల్ ఎన్విరాన్‌మెంట్, ఎక్స్‌టర్నల్ ఎన్విరాన్‌మెంట్ అని పెట్టి ప్రాసెస్ అసెట్స్‌ని కూడా ఇంటర్నల్ కిందే కల్చర్ పక్కనే కూర్చోబెట్టింది. ఈఈఎఫ్, ఓపీఏ అనే పేర్లు విడివిడిగా పెట్టి నిన్ను తికమక పెట్టే మాక్ అంటే అది ఆరో ఎడిషన్ లెక్కతో తయారైందనుకో, దానికి ఏడో ఎడిషన్ తెరిచి జవాబు వెతక్కు.

రేపు సైట్‌కి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యి. టీ తాగేటప్పుడు చుట్టూ చూసి కనపడిన పది వస్తువులకి, వినపడిన పది మాటలకి ఈఈఎఫో ఓపీఏనో ఏదో ఒక పేరు పెట్టు, సెక్యూరిటీ దగ్గర ఖాళీ గేట్‌పాస్ ఫారం, ఇసుక లారీ రాలేదని సూపర్‌వైజర్ తిట్టే తిట్టు, గోడ మీద అంటించిన సేఫ్టీ పాలసీ, నెట్ సిగ్నల్ లేని సెల్లార్. ఎక్కడైనా ఇరుక్కుంటే రాయి, నింపిన గేట్‌పాస్ గురించి మాత్రం రాయకు, దాని జవాబు పోర్ కార్డు దగ్గర చెప్పేశా.